నంబర్ పడిందని పిల్లల్ని తిట్టకండి: ఇంటి దగ్గర చదరంగం, ఫోన్‌లో పజిల్స్

(ఈ వారం ఎపిసోడ్‌లో మాట్లాడింది ఇక్కడ రాసి పెడుతున్నాం. మధ్యలో ఒక చిన్న కోడ్ లైన్ ఉంది, అది కాపీ చేసుకోవడానికి.)

 

పోయిన నెల నుంచి ఒకే రకం వాయిస్ మెసేజ్‌లు చాలా వస్తున్నాయి. "అన్నా, మా బాబు మూడో తరగతి. బడిలో చెస్ మొదలుపెట్టారంట, ఫోన్‌లో ఏదో యాప్ వేసుకున్నాడు, రోజూ పజిల్స్ చేస్తున్నానంటాడు. అది మంచిదేనా? డబ్బులేమన్నా కట్టాలా?" అని ఒకరు. "నాకే నేర్చుకోవాలనుంది, నలభై రెండేళ్లు, ఇప్పుడు వస్తుందా?" అని ఇంకొకరు. ఇద్దరికీ దారి ఒకటే కాబట్టి ఈ రోజు ఆ ఒక్క దారే చెప్తా. పది యాప్‌ల పేర్లు చదవను.

నేను చెప్పే యాప్ లీచెస్. బ్రౌజర్‌లో lichess.org అని కొట్టినా వస్తుంది, ప్లే స్టోర్‌లోనూ ఉంటుంది. ఇది 2010లో ఫ్రాన్స్‌లో మొదలైంది. లాభం కోసం నడిపేది కాదు, విరాళాలతో నడుస్తుంది. యాడ్‌లు ఉండవు, పజిల్స్‌కి రోజుకి ఇన్నే అన్న లెక్క ఉండదు. chess.com కూడా మంచిదే, పాఠాలు బాగుంటాయి, పిల్లల కోసం వాళ్లదే ChessKid అని వేరే ఉంది. కాకపోతే వాటిలో ఫ్రీ ఖాతాకి పజిల్స్ కొన్నే ఇస్తారు, తర్వాత డబ్బు కట్టమని అడుగుతుంది. ఇంటి దగ్గర పిల్లాడి చేతిలో ఫోన్ పెట్టి, మనం ఇక్కడుండి, కార్డు నంబర్ల గొడవ ఎందుకు? అందుకే లీచెస్.

ఖాతా తెరవగానే సెట్టింగ్స్‌లో Kid mode అని ఉంటుంది, అది ఆన్ చేయించండి. చాట్‌లు, మెసేజ్‌లు కనపడకుండా పోతాయి. ఆ ఒక్క పని అయ్యాక ఆటలోకి వద్దాం.

ముందు రూల్స్. ఇక్కడ మనవాళ్లకి ఒక చిక్కుంది, అది యాప్ చేసినవాళ్లకి తెలీదు. మన ఊళ్లలో రచ్చబండ దగ్గర, మామిడి చెట్టు కింద తాతలు ఆడే చదరంగం వేరు. అందులో బంటు మొదటిసారి కూడా ఒక్క గడే కదులుతుంది. రాజుకి కోట కట్టడం ఉండదు, దానికి బదులు ఆట మొత్తంలో ఒక్కసారి గుర్రంలాగా దూకనిస్తారు. బంటు అవతలి చివరికి పోతే, అది ఏ వరసలో పోయిందో ఆ వరస పావు అవుతుంది. ఊరూరికీ కొంచెం తేడా ఉంటుంది కానీ మొత్తానికి ఇదీ పద్ధతి. యాప్‌లో ఉండేది అంతర్జాతీయ రూల్స్. బంటు మొదటిసారి రెండు గడులు పోవచ్చు. రాజు గుర్రంలా దూకడు. చివరికి చేరిన బంటుని ఏ వరసలో ఉన్నా మంత్రిగా చేసుకోవచ్చు.

పేర్లు కూడా చూడండి. యాప్‌లో క్వీన్ అంటుంది, ఇంట్లో తాత మంత్రి అంటాడు. రూక్ అంటే మన ఏనుగు, బిషప్ అంటే శకటు, కొన్నిచోట్ల ఒంటె. పిల్లాడు తాత దగ్గర ఒకటి, ఫోన్‌లో ఇంకొకటి వింటుంటే వాడికి రెండు ఆటలు అనిపిస్తుంది. కాబట్టి మొదటి రోజే ఫోన్‌లో చెప్పండి: "నాన్నా, తాత ఆట తాతతో ఆడు, బడి ఆట బడి రూల్స్‌తో ఆడు." అంతే. తాతది తప్పని మాత్రం చెప్పకండి, ఆయన ఆట మానేస్తే ఇంట్లో ఆడటానికి మనిషే ఉండడు.

రూల్స్ నేర్చుకోవడానికి బ్రౌజర్‌లో lichess.org/learn తెరవండి. అక్కడ ఒక్కో పావుకి ఒక్కో చిన్న ఆట ఉంటుంది. బోర్డు మీద నక్షత్రాలు ఉంటాయి, ఏనుగుని కదుపుతూ వాటిని ఏరుకోవాలి. తర్వాత శకటుతో, మంత్రితో, రాజుతో, గుర్రంతో, బంటుతో. ఆ తర్వాత పావుని కొట్టడం, కాపాడటం, చెక్ పెట్టడం, చెక్ నుంచి తప్పించుకోవడం, ఒక్క ఎత్తులో మాట్. ఇంకా కిందకి పోతే కోట కట్టడం, బంటు పక్క నుంచి కొట్టే ఆన్‌పసాన్, స్టేల్‌మేట్. చదవాల్సింది తక్కువ, చేతితో చేసేది ఎక్కువ, అందుకే ఇంగ్లీషు అంతగా రాని పిల్లలు కూడా లాగేస్తారు. ఏడెనిమిదేళ్ల పిల్లలకి రోజుకి పావుగంట చొప్పున రెండు వారాలు అనుకోండి. పెద్దవాళ్లు రెండు సెలవు రోజుల్లో అయిపోగొడతారు.

కోట దగ్గర చాలామంది ఆగిపోతారు, "యాప్ పని చేయట్లేదు" అంటారు. ఏనుగుని ముందు పట్టుకుంటే కోట కట్టదు. రాజుని పట్టుకుని రెండు గడులు పక్కకి జరపాలి, ఏనుగు దానంతటదే దూకి అవతలికి వస్తుంది. రాజు దాటే దారిలో శత్రువు చూపు ఉన్నా, రాజు చెక్‌లో ఉన్నా, రాజుగానీ ఆ ఏనుగుగానీ ముందే కదిలి ఉన్నా కట్టనివ్వదు. అది యాప్ లోపం కాదు, రూలే అది.

ఇప్పుడొక చిన్న సంగతి, ఇది ఎవరూ చెప్పరు. పావుని ముట్టుకోగానే అది ఎక్కడికి పోగలదో అక్కడ చుక్కలు వస్తాయి. మొదట్లో అది మంచి సాయం. కానీ నెల గడిచినా అలాగే ఉంచితే, పిల్లాడు గుర్రం ఎలా పోతుందో గుర్తుపెట్టుకోడు, చుక్క ఎక్కడుందో చూసి అక్కడ పెడతాడు. వాడిని చెక్క బోర్డు ముందు కూర్చోబెడితే గుర్రాన్ని పట్టుకుని దిక్కులు చూస్తాడు. కాబట్టి Learn పూర్తయ్యాక సెట్టింగ్స్‌లోకి వెళ్లి Piece destinations అన్నది ఆపేయించండి. వచ్చిందో లేదో చూడాలంటే వీడియో కాల్‌లో ఒక పరీక్ష పెట్టండి: ఖాళీ చెక్క బోర్డు మీద పావులన్నీ వాడినే పేర్చమనండి. కూర్చున్నవాడి కుడిచేతి మూలన తెల్ల గడి రావాలి. తెల్ల మంత్రి తెల్ల గడిలో, నల్ల మంత్రి నల్ల గడిలో ఉండాలి. ఇది సరిగ్గా పేర్చి, గుర్రం ఎనిమిది వైపులా ఎక్కడెక్కడికి పోతుందో వేలు పెట్టి చూపిస్తే, ఇక పజిల్స్‌కి పోవచ్చు. చూపించలేకపోతే ఇంకో వారం ఆగండి. తొందరేం లేదు.

సరే, పజిల్స్. అసలు ఇబ్బంది అంతా ఇక్కడే.

మా బిల్డింగ్‌లో ఒకన్న ఉన్నాడు. వాళ్ల అబ్బాయి ఖాతా ఈయన ఫోన్‌లో కూడా పెట్టుకున్నాడు, పిల్లాడు ఏం చేస్తున్నాడో చూడ్డానికి. ఒక రోజు రాత్రి కాల్‌లో గట్టిగా అరుస్తున్నాడు: "ఏంరా, మొన్న పదిహేను వందలుండె, ఇవాళ తొమ్మిది వందలకు ఎట్ల పడ్డది? ధ్యాస యాడున్నది నీకు?" అవతల పిల్లాడి ఏడుపు మాకు కూడా వినిపించింది. తర్వాత నేను కూర్చోబెట్టి ఆ నంబర్ ఏంటో చెప్పా. ఇప్పుడు మీకూ చెప్తా.

కొత్త ఖాతాకి లీచెస్ పజిల్ రేటింగ్ 1500 అని మొదలుపెడుతుంది. ఎవరికైనా అంతే, మీరైనా, గ్రాండ్‌మాస్టర్ కొత్త ఖాతా తెరిచినా. పిల్లాడు 1500 సంపాదించలేదు, యాప్‌కి వాడి గురించి ఇంకా ఏమీ తెలీదు కాబట్టి మధ్యలో ఒక చోట నిలబెట్టింది. ప్రతి పజిల్‌కి కూడా ఒక నంబర్ ఉంటుంది. చేస్తే వాడు గెలిచినట్టు, తప్పితే పజిల్ గెలిచినట్టు. మొదట్లో యాప్‌కి నమ్మకం తక్కువ కాబట్టి నంబర్ పెద్ద పెద్ద అంగలతో కదులుతుంది. రూల్స్ నిన్న నేర్చుకున్న పిల్లాడికి 1500 పజిల్ అంటే ఒకటో తరగతి వాడికి పదో తరగతి లెక్క ఇచ్చినట్టే. తప్పులు వరసగా వస్తాయి, నంబర్ జారుతుంది, తన అసలు చోటు దొరికేదాకా. అంటే తొమ్మిది వందలకి రావడం పడిపోవడం కాదు. వాడు మొదటి నుంచీ ఉన్న చోటుని యాప్ అప్పుడు కనిపెట్టింది, అంతే.

ఇంకోటి. మామూలు సెట్టింగ్‌లో యాప్ వాడి నంబర్‌కి దగ్గరగా ఉన్న పజిల్సే ఇస్తుంది. సమాన బలం అంటే సుమారు సగం తప్పుతాయి. ఎంత బాగా ఆడినా అంతే, ఎందుకంటే బాగా చేస్తే ఇంకా కష్టమైనవి వస్తాయి. "సగం తప్పులేనా" అని తిట్టడంలో అర్థం లేదు. కొత్త పిల్లలకి సగం తప్పడం భారమే, కాబట్టి పజిల్ కింద ఉండే కష్టం సెట్టింగ్‌లో Easiest పెట్టండి. అప్పుడు వాడి నంబర్ కంటే ఆరు వందలు తక్కువ పజిల్స్ వెతికి ఇస్తుంది. దాంతోపాటు అన్ని రకాలూ కలిపి కాకుండా ఒక్క రకమే ఇవ్వండి. lichess.org/training/mateIn1 అంటే ఒక్క ఎత్తులో మాట్. మొదటి నెల ఇదొక్కటే చాలు.

ఇప్పుడు ఒక బోర్డు పెడతా, దీని మీద మొత్తం అర్థమవుతుంది. కింద లైన్ కాపీ చేసి, lichess.org/editor తెరిచి, FEN అన్న పెట్టెలో పెట్టండి. బోర్డు వచ్చేస్తుంది.

```
6k1/5ppp/8/8/8/8/1r3PPP/3R2K1 w - - 0 1
```

ఫోన్ చేతిలో లేనివాళ్లకి నోటితో చెప్తా. బోర్డు మీద ఎడమ నుంచి కుడికి a నుంచి h దాకా అక్షరాలు, కింద నుంచి పైకి 1 నుంచి 8 దాకా అంకెలు. తెల్ల రాజు g1లో, అతని ముందు f2, g2, h2లో మూడు బంట్లు, d1లో తెల్ల ఏనుగు. నల్ల రాజు g8లో, అతని ముందు f7, g7, h7లో మూడు బంట్లు, నల్ల ఏనుగు b2లో. తెల్లది ఎత్తు.

జవాబు: ఏనుగు d1 నుంచి నేరుగా పైకి d8కి. మాట్. పిల్లాడు రెండు సెకన్లలో పెట్టేస్తాడు, పచ్చ టిక్ వస్తుంది. మనం ఖుషీ అయిపోతాం. కానీ వాడికి ఎందుకు మాటో తెలుసా, లేక పై వరసకి పోతే టిక్ వస్తుందని అలవాటైందా? టిక్ చూసి ఇది చెప్పలేం. కాబట్టి మూడు ప్రశ్నలు అడగాలి. చెక్ పెట్టిన ఏనుగుని ఎవరన్నా కొట్టగలరా? మధ్యలో ఎవరన్నా అడ్డం రాగలరా? రాజు పక్కకి పోగలడా? ఇక్కడ మూడింటికీ లేదు. b2లో ఉన్న నల్ల ఏనుగు d8ని కొట్టలేదు, మధ్యలో ఉన్న e8, f8 గడులకి రాలేదు. రాజుకి f8, h8 రెండూ తెల్ల ఏనుగు చూపులోనే ఉన్నాయి. ముందు మూడు గడులూ సొంత బంట్లతోనే మూసుకుపోయాయి. తన కాపలాదార్లే తనకి గోడ అయ్యారు.

ఇప్పుడు అసలు పాఠం. ఎడిటర్‌లో h7లో ఉన్న నల్ల బంటుని వేలుతో ఒక గడి ముందుకి, h6కి లాగండి. మిగతా ఏదీ ముట్టుకోవద్దు. "ఇప్పుడు d8కి పోతే మాటేనా?" అని పిల్లాడిని అడగండి. కాదు. రాజు h7లోకి దూరిపోతాడు. మూడో ప్రశ్నకి జవాబు మారింది.

బంటుని మళ్లీ h7లో పెట్టి, నల్ల ఏనుగుని b2 నుంచి a8కి మార్చండి. ఇప్పుడు d8కి పోతే? నల్ల ఏనుగు వచ్చి మన ఏనుగుని తినేస్తుంది. మొదటి ప్రశ్న. ఉత్త పుణ్యానికి ఏనుగు పోయింది.

చివరగా ఆ నల్ల ఏనుగుని e2లో పెట్టండి. d8 చెక్ అనగానే అది e2 నుంచి e8కి వచ్చి అడ్డం నిలబడుతుంది. రెండో ప్రశ్న. కానీ ఆగండి, ఆ అడ్డం నిలబడిన ఏనుగుని మన ఏనుగు కొట్టేస్తే మళ్లీ మాటే! అంటే ఇది ఒక్క ఎత్తులో మాట్ కాదు, రెండు ఎత్తుల్లో మాట్. పిల్లాడు ఇది తనంతట తాను కనిపెడితే ఆ రోజు వాడికి ఇంకే పజిల్ ఇవ్వకండి, దాన్నే నలుగురికీ చూపించుకోనివ్వండి.

నాలుగు బోర్డులు, మారింది ఒక్క పావే, జవాబు మాత్రం ప్రతిసారీ వేరు. రోజూ ముప్పై పజిల్స్ గబగబా నొక్కేదానికంటే ఐదు పజిల్స్ ఇలా విప్పితే ఎక్కువ పని జరుగుతుంది. ఇది నా అభిప్రాయం మాత్రమే కాదు, పిల్లలకి నేర్పే ఏ మాస్టారునైనా అడగండి, "ఎదుటివాడు ఏం ఆడతాడు?" అన్న ఒక్క మాట నోట్లోంచి రప్పించడానికే ఆయన గొంతు పోతుంటుంది.

ఊహ కొట్టి నొక్కుతున్నాడా, ఆలోచించి ఆడుతున్నాడా అని దూరం నుంచి ఎలా తెలుస్తుంది? కాల్‌లో "నిన్న తప్పిన పజిల్ ఒకటి తెరువు, ఎందుకు తప్పిందో చెప్పు" అనండి. తప్పినవి lichess.org/training/history లో ఎర్రగా కనపడతాయి. "ఆడి గుర్రం నాకు కనపడలేదు డాడీ" అన్నాడంటే పిల్లాడు బాగున్నాడు. "ఏమో, ఇంకోటి నొక్కితే వచ్చింది" అన్నాడంటే ఊహ కొడుతున్నాడు. మాట్ పజిల్స్‌లో ఇది ఇంకా సులువు. మాట్ అంటే చెక్ ఉండాల్సిందే, బోర్డు మీద చెక్‌లు మూడో నాలుగో ఉంటాయి, ఒక్కోటీ నొక్కుకుంటూ పోతే ఏదో ఒకటి తగులుతుంది. మొదటి తప్పుతోనే యాప్ ఆ పజిల్ పోయినట్టు లెక్క రాస్తుంది, కానీ ఆట ఆపదు, ఇంకోటి ప్రయత్నించనిస్తుంది. పిల్లాడి మనసులో మాత్రం "చేశాను" అనే ఉంటుంది.

దీనికి మందు ఏంటంటే, mateIn1లో పదికి ఎనిమిది మొదటి ఎత్తులోనే పడుతున్నాయి అనుకున్నప్పుడు lichess.org/training/hangingPiece కి మార్చండి. కాపలా లేని పావుని కనిపెట్టి కొట్టడం. ఇందులో చెక్‌ల అలవాటు పని చేయదు. d5లో నల్ల గుర్రం ఉంది, మన ఏనుగు d1లో ఉంది అనుకోండి. దానికి కాపలా లేకపోతే కొట్టేయడమే. అదే e6లో నల్ల బంటు ఒకటి ఉంటే, మనం గుర్రాన్ని కొట్టగానే ఆ బంటు మన ఏనుగుని తింటుంది. గుర్రం విలువ మూడు, ఏనుగు విలువ ఐదు. మూడు తీసుకుని ఐదు ఇచ్చాం. దినార్ లెక్కలు తెలిసినవాళ్లం, మనకి ఇది వేరే చెప్పాలా.

అది కూడా కుదిరాక అన్నీ కలిపిన మిశ్రమం ఇవ్వండి. దాంట్లో ఇది మాటా, కొట్టుడా, తప్పించుకోవడమా అని పేరు ముందు చెప్పరు. మొదట నంబర్ మళ్లీ కొంచెం జారుతుంది. ఎందుకో ఇప్పుడు మీకు తెలుసు.

పజిల్స్‌కి ఒక హద్దు కూడా ఉంది. పజిల్ అనగానే అందులో ఏదో ఒక మంచి ఎత్తు ఉందని ముందే తెలిసిపోతుంది. ఆటలో ఎవడూ వచ్చి "ఇప్పుడు చూడు, ఇక్కడుంది" అని భుజం తట్టడు. అందుకే పజిల్స్ బాగా చేసే పిల్లలు కూడా ఆటలో మంత్రిని ఊరికే ఇచ్చి వస్తుంటారు. ఆట కూడా ఆడాలి, అదీ నెమ్మదిగా. మూడు నిమిషాల ఆటలు, మూడు నిమిషాల్లో ఎన్ని పజిల్స్ అనే పందేలు కొత్తవాళ్లకి వద్దు, అవి ఊహ కొట్టడాన్నే పెంచుతాయి.

ఇక్కడ మనకి బాగా పనికొచ్చేది ఒకటుంది. కువైట్‌లో మనం డ్యూటీ దిగి, స్నానం చేసి, వంట సంగతి చూసేసరికి రాత్రి ఎనిమిది. ఇంటి దగ్గర అప్పటికి పదిన్నర, పిల్లలు నిద్రలో ఉంటారు. కూర్చుని ఆడే టైమ్ ఎక్కడ? లీచెస్‌లో ఉత్తరాల ఆట ఉంది, Correspondence అంటారు. ఒక్కో ఎత్తుకి ఒక రోజు, మూడు రోజులు, అలా పద్నాలుగు రోజుల దాకా గడువు పెట్టుకోవచ్చు. మీకో ఖాతా, పిల్లాడికో ఖాతా ఉండాలి. స్నేహితుడితో ఆడే బటన్ నొక్కి, ఎత్తుకి మూడు రోజులు పెట్టి, వచ్చిన లింక్‌ని వాట్సాప్‌లో పంపించండి. వాడు బడికి పోయే ముందు ఒక ఎత్తు వేస్తాడు, మీరు మధ్యాహ్నం అన్నం టైమ్‌లో ఇంకోటి వేస్తారు. నెలకి ఒక ఆట అయినా సరే. మూడు రోజుల గడువే ఎందుకన్నానంటే, ఒక రోజు పెట్టుకుంటే ఓవర్‌టైమ్ పడ్డ రోజు గడువు దాటిపోయి మీరు ఓడిపోతారు, పిల్లాడు "డాడీ ఆడలేదు" అనుకుంటాడు.

ఇక ఆ నలభై రెండేళ్ల అన్నకి: మీకూ ఇదే వరస, Learn, తర్వాత Easiestలో mateIn1. మీకు తాతల ఆట వచ్చంటున్నారు కాబట్టి బంటు రెండు గడులు, కోట, ఈ రెండిటి దగ్గరే మొదట చెయ్యి తడబడుతుంది, వారంలో సర్దుకుంటుంది. మొబైల్ యాప్ కొన్ని పజిల్స్ ముందే దింపి పెట్టుకుంటుంది, సైట్‌కి పోయే దారిలో నెట్ లేకపోయినా చేసుకోవచ్చు. రూమ్‌లో ఆడటానికి మనిషి కావాలంటే ఆ కిందటి బెడ్ నేపాలీ తమ్ముడిని అడిగి చూడండి, ఈ ఆటకి భాష అక్కర్లేదు.

ఎడిటర్‌లో ఆ బోర్డు పెట్టుకోవడం ఎవరికైనా రాకపోతే వాయిస్ మెసేజ్ పెట్టండి, స్క్రీన్ వీడియో తీసి పంపిస్తా. వచ్చే వారం ఇకామా రెన్యువల్ గురించి మాట్లాడుకుందాం. ఉంటా మరి.